ఆగస్టు ఆటో-రిప్లైలు, వెనక్కి వచ్చిన మెయిళ్లు: నడుస్తున్న ఫాలో-అప్‌ను ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఎగ్జిబిషన్లో కార్డులిచ్చి ధరలు పంపమన్న 140 మంది విదేశీ కొనుగోలుదారులకు నాలుగు మెయిళ్ల సీక్వెన్స్ పెట్టాను. మొదటిది 2025 ఆగస్టు 4 సోమవారం పోయింది, మిగతావి 8, 14, 22 తేదీల్లో పోతాయి. మొదటి రోజే 19 ఆటో-రిప్లైలు, 11 బౌన్సులు వచ్చాయి. ఆటో-రిప్లై వచ్చిన వాళ్లను మెయిళ్లు పంపే టూల్ ‘రిప్లై ఇచ్చారు’ అని లెక్కేసి ఆపేసింది. బౌన్స్ అయినవి నేనే లిస్టులోంచి తీసేశాను. ఇట్లా వదిలేయొచ్చా, లేక మార్చాలా?

జవాబు:

మార్చాలి, అదీ 8వ తేదీ లోపలే. తీసేసిన ఆ పదకొండు అడ్రసుల్ని ముందు వెనక్కి తెచ్చుకోండి. వాటికి మళ్లీ మెయిల్ పంపమని కాదు, అవి ఎందుకు తిరిగొచ్చాయో చదవకుండానే తీసేశారు కాబట్టి. వాటి సంగతి తర్వాత చెప్తా. ముందు ఆటో-రిప్లైల సంగతి చూద్దాం, ఆర్డర్లు ఎక్కువగా పోయేది అక్కడే.

నేను అనంతపురంలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో తొమ్మిదేళ్లు మెయిళ్ల పనే చూశాను. మొదటి ఏడాది మీకు జరిగిందే నాకూ జరిగింది. ఇటలీ కొనుగోలుదారు ఒకాయన నుంచి ఆగస్టు మొదటి వారంలో ఆటో-రిప్లై వచ్చింది. మేం వాడే టూల్ దాన్ని జవాబుగా లెక్కేసి ఆయన పేరు పక్కన పచ్చ గుర్తు పెట్టింది. పచ్చ గుర్తు చూసి మా సార్ సంతోషపడ్డాడు, నేను పట్టించుకోలేదు. అక్టోబరులో ఆయనే ఫోన్ చేసి ‘ధరలు పంపి ఊరుకున్నారు, మీకు ఆసక్తి లేదనుకుని వేరే వాళ్ల దగ్గర రెండు కంటైనర్లు తీసుకున్నాం’ అన్నాడు. ఆ తర్వాత నేను ఏ టూల్ లోనూ ‘రిప్లై వచ్చింది’ అనే లెక్కను మెయిల్ తెరిచి చూడకుండా నమ్మలేదు.

దీనికి అటు వైపు తప్పు కూడా ఉంది. కొన్ని టూల్స్ ఆటో-రిప్లైని అసలు పట్టించుకోవు, సీక్వెన్స్‌ను యథాప్రకారం నడిపిస్తాయి. మీ తేదీలే తీసుకోండి. జర్మనీలో ఒకాయన ఆగస్టు 22 వరకు సెలవులో ఉన్నాడనుకుందాం. 4, 8, 14, 22: మీ నాలుగు మెయిళ్లూ ఆయన లేనప్పుడే పోతాయి. 25 సోమవారం పొద్దున ఆఫీసుకొచ్చి పెట్టె తెరిస్తే మీవే నాలుగు వరసగా కనబడతాయి. రెండోది ‘చూశారా?’, మూడోది ‘గుర్తు చేస్తున్నా’, నాలుగోది ‘ఇదే చివరి మెయిల్’. ఆయన ఒక్కటీ చదవకముందే మీరు బతిమాలి, అలిగి, వెళ్లిపోయినట్టు ఉంటుంది.

కాబట్టి ఆటో-రిప్లైని జవాబుగా లెక్కపెట్టకూడదు, రానట్టు వదిలేయనూ కూడదు. అందులో మీకు పనికొచ్చేది తేదీ. ఆ తేదీని బట్టి ఆ ఒక్క మనిషి సీక్వెన్స్‌ను పక్కన పెట్టి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాసుకోవాలి.

తేదీ చదవడంలోనే సగం పొరపాట్లు జరుగుతాయి. జర్మన్ ఆటో-రిప్లైలో `bis einschließlich 22.08.` అని ఉంటే 22 కూడా సెలవే అని అర్థం. `ab dem 25.08. wieder` అంటే 25 నుంచి మళ్లీ ఉంటాడని. ఉత్త `bis 25.08.` అని ఉంటే ఆ 25న ఉంటాడో లేడో తేలదు, కాబట్టి లేడనే అనుకోండి. ఇటాలియన్‌లో `fino al 24 agosto` అంటే 24 వరకు సెలవు, `rientro il 25 agosto` అంటే 25న తిరిగొస్తాడు. అమెరికా వాళ్లు 09/08 అని రాస్తే అది ఆగస్టు 9 కాదు, సెప్టెంబరు 8. ఇక్కడ ఒక్క అంకె తారుమారైనా నెల తేడా వస్తుంది. అందుకే తేదీని టూల్‌తో ఏరించకండి. 19 మెయిళ్లు చదవడానికి అరగంట పట్టదు. భాష రాకపోతే అనువాదంలో వేసుకుని చూడండి, తేదీ మాత్రం అసలు మెయిల్లోంచే ఎత్తి రాసుకోండి.

తిరిగొచ్చిన రోజునే మెయిల్ పంపకండి. మూడు వారాల మెయిళ్లు పేరుకుపోయి ఉంటాయి, మొదటి రోజు అవన్నీ తుడిచేసే పనిలోనే ఉంటాడు. ఆ తుడుపులో మీదీ పోతుంది. నేను రెండు పనిదినాలు వదిలి మూడో రోజున పంపుతాను. పైన చెప్పిన జర్మనీ ఆయన 25 సోమవారం వస్తే మూడో రోజు 27 బుధవారం అవుతుంది. ఆ రోజు మనకు వినాయక చవితి, మీ ఆఫీసులో ఎవరూ ఉండరు. ఆయన వెంటనే జవాబిచ్చి ఏదైనా అడిగితే చెప్పేవాళ్లు ఉండాలి కదా. కాబట్టి 28 గురువారం. వాళ్ల సెలవులు చూసినట్టే మన పండగలు కూడా చూసుకోండి, చాలామంది ఇది మర్చిపోతారు.

ఇటలీ వాళ్లకైతే ఇంకాస్త ఓపిక కావాలి. ఆగస్టు 15 వాళ్లకు ఫెర్రాగోస్తో పండగ, దాని చుట్టూ చాలా ఫ్యాక్టరీలు పూర్తిగా మూసేస్తారు. తేదీ లేకుండా ‘సెలవుల కోసం మూసి ఉంది’ అని మాత్రమే వస్తే నేను నేరుగా సెప్టెంబరు మొదటి వారంలో వేస్తాను. మిగతా దేశాల నుంచి తేదీ లేని ఆటో-రిప్లై వస్తే పది పనిదినాలు ఆగుతాను. ఇది నా అలవాటే తప్ప రూలేమీ కాదు.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం ఒకటి. 4న ఆటో-రిప్లై వచ్చింది, 8న పోయిన మెయిల్‌కు ఆటో-రిప్లై రాలేదు. ‘అంటే ఆయన వచ్చేశాడు’ అనుకుంటాం. అది తప్పు. కంపెనీల్లో ఎక్కువగా వాడే అవుట్‌లుక్, ఎక్స్చేంజ్ మెయిల్‌లో ఒక్కో పంపిన మనిషికి ఆటో-రిప్లై ఒక్కసారే పోతుంది. ఆయన దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసేదాకా మీకు రెండోసారి రాదు. జీమెయిల్‌లో అయితే అదే మనిషి నాలుగు రోజుల తర్వాత మళ్లీ రాస్తే ఇంకోసారి పంపుతుంది. పైగా ఎక్స్చేంజ్‌లో ఆటో-రిప్లైని సొంత కంపెనీ వాళ్లకు మాత్రమే వెళ్లేలా పెట్టుకోవచ్చు, అప్పుడు బయటివాళ్లకు ఏమీ రాదు. అందుకే రెండోసారి ఆటో-రిప్లై రాలేదన్న దాన్ని బట్టి ఏదీ తేల్చకండి. మొదటి దాంట్లో ఉన్న తేదీనే పట్టుకోండి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎక్కడి నుంచి? మీ టూల్ రెండో మెయిల్ నుంచే పంపుతుంది. కానీ మీ రెండో మెయిల్ ‘మొన్న పంపింది చూశారా’ అని మొదలైతే అది ఆయనకు అతకదు, ఆయన మొన్న లేడు కదా. ఆ మొదటి వాక్యం తీసేయండి. అదే థ్రెడ్‌లో, మొదటి మెయిల్ కింద కనబడేలా, మూడు నాలుగు వాక్యాలు రాయండి: మీరు అడిగిన నల్ల కడప రాయి రెండు సెంటీమీటర్ల మందం ధర కిందే ఉంది, లెదర్ ఫినిష్ శాంపిల్ సిద్ధంగా ఉంది, ఏ అడ్రసుకు పంపమంటారు? అంతే. సెలవులు బాగా గడిచాయా అని అడగడం నాకు నచ్చదు, అది ఆటో-రిప్లై చదివి రాసినట్టు తెలిసిపోతుంది. కొందరు అడుగుతారు, అది వాళ్లిష్టం.

ఇంకోటి, మీ మొదటి మెయిల్లో ఓడ బాడుగ కలిపి ధర ఇచ్చారా? ‘ఈ ధర ఆగస్టు 31 వరకే’ అని రాశారా? అయితే 28న పంపే మెయిల్లో ఆ ధరకు మిగిలేది మూడు రోజులు. చెన్నై పోర్టు నుంచి బాడుగ ఎంతో మళ్లీ కనుక్కుని కొత్త గడువుతో పంపండి. తేదీ జరిపినప్పుడు మెయిల్లో ఉన్న ప్రతి తేదీని కూడా ఒకసారి చూడాలి.

ఆటో-రిప్లైలో ‘అత్యవసరమైతే ఫలానా వారిని సంప్రదించండి’ అని ఇంకో అడ్రస్ ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి సీక్వెన్స్‌లో పడేయకండి. ఆ మనిషి మీకు కార్డు ఇవ్వలేదు, ధరలు అడగలేదు. పైగా జర్మనీలో ముందుగా ఒప్పుకోని వాళ్లకు వ్యాపార ప్రకటన మెయిల్ పంపడం, కంపెనీకైనా సరే, చట్టానికి విరుద్ధం. ధరల పట్టీ అత్యవసరం కూడా కాదు. నిజంగా గడువున్న పని ఉంటే, ఉదాహరణకు ఆయన అడిగిన శాంపిల్ కొరియర్‌లో వస్తోంది, తీసుకోవడానికి ఎవరైనా ఉండాలి అనుకుంటే, అప్పుడు ఆ రెండో మనిషికి మీరే చేత్తో ఒక్క మెయిల్ రాయండి.

‘ఫలానా ఆయన ఇప్పుడు మా కంపెనీలో లేరు’ అని వచ్చే ఆటో-రిప్లై వేరు. చూడటానికి ఆటో-రిప్లై, పని మాత్రం బౌన్స్‌ది. ఆ పేరును సీక్వెన్స్‌లోంచి పూర్తిగా తీసేయండి. ఆయన స్థానంలో వచ్చిన వాళ్ల పేరు అందులో ఉంటే, మీ పాత పరిచయం ఎట్లా అయిందో చెప్తూ వాళ్లకు విడిగా రాయండి.

ఆటో-రిప్లైలను ఏరడం ఎట్లా? సబ్జెక్ట్‌లో `Automatic reply:` అని చూస్తే ఇంగ్లీషువి దొరుకుతాయి. జర్మన్ అవుట్‌లుక్ `Automatische Antwort:` అని, ఇటాలియన్ `Risposta automatica:` అని పంపుతాయి. భాషకొకటి వెతికే బదులు మెయిల్ లోపల మామూలుగా కనబడకుండా ఉండే వివరాలు, అంటే హెడర్లు చూడడం మేలు. `Auto-Submitted` అనే హెడర్ 2004 నుంచి ప్రమాణంలో ఉంది. మనిషి రాసిన మెయిల్లో అది ఉండదు, ఉంటే `no` అని ఉంటుంది. ఎక్స్చేంజ్ అక్కడ `auto-generated` అని రాస్తుంది, వేరేవి `auto-replied` అని రాస్తాయి. కాబట్టి `auto` తో మొదలవుతుందా అని మాత్రమే చూడండి. జీమెయిల్ ఫిల్టర్లు ఈ హెడర్‌ను చూడలేవు, జీమెయిల్‌తో పనిచేసే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో ఇట్లా చూడొచ్చు:

```
function tagAuto() {
  const label = GmailApp.createLabel('auto-reply');
  GmailApp.search('in:inbox newer_than:2d').forEach(t => {
    const m = t.getMessages().pop();
    if (/mailer-daemon|postmaster/i.test(m.getFrom())) return;
    if (/^auto/i.test(m.getHeader('Auto-Submitted'))) t.addLabel(label);
  });
}
```

మధ్యలో `mailer-daemon` లైన్ ఎందుకంటే, బౌన్స్ మెయిళ్లలోనూ ఇదే హెడర్ ఉంటుంది. ఆ లైన్ లేకపోతే సెలవులో ఉన్నవాళ్లూ, అసలు లేని అడ్రసులూ ఒకే లేబుల్ కింద పడతాయి. లేబుల్ పడినవి మీరు తెరిచి తేదీ రాసుకోవడమే. స్క్రిప్ట్‌ను రోజుకోసారి నడిపితే చాలు.

ఒక్కోసారి ఆటో-రిప్లై ఎవరిదో మీ లిస్టులో దొరకదు. మీరు `info@` కు పంపి ఉంటారు, అది లోపల ఒక మనిషికి పోతుంది, ఆటో-రిప్లై ఆ మనిషి సొంత అడ్రస్ నుంచి వస్తుంది. టూల్‌కు ఆ అడ్రస్ తెలీదు కాబట్టి `info@` కు రెండో మెయిల్ పంపేస్తుంది. అలాంటప్పుడు ఆ ఆటో-రిప్లైని జీమెయిల్‌లో ‘Show original’ నొక్కి తెరిచి `In-Reply-To` హెడర్ చూడండి. అందులో మీరు పంపిన మెయిల్ `Message-ID` ఉంటుంది, దాన్ని బట్టి మీరు ఏ అడ్రసుకు పంపారో తేలిపోతుంది.

ఇక బౌన్సులు. 140లో 11 అంటే వందకు దాదాపు ఎనిమిది. చాలా ఎక్కువ. నేనైతే వందకు రెండు దాటితేనే ఆగి చూస్తాను. కానీ పదకొండూ ఒకే రకం అయ్యుండవు. ఒక్కో బౌన్స్ మెయిల్లో చుక్కలతో మూడు అంకెలు ఉంటాయి, 5.1.1 లాంటివి. మొదటి అంకె 4 అయితే ఇప్పటికి కుదరలేదు అని, 5 అయితే ఇక కుదరదు అని. మధ్య అంకె కారణం చెప్తుంది: 1 అయితే అడ్రస్ గొడవ, 2 అయితే ఆ మెయిల్‌బాక్స్ గొడవ, 7 అయితే వాళ్ల భద్రత, పాలసీ గొడవ.

4 తో మొదలయ్యేవి అసలు బౌన్సులే కావు. జీమెయిల్ సబ్జెక్ట్‌లో `(Delay)` అని పెడుతుంది, ఇంకా ఇన్ని గంటలు ప్రయత్నిస్తానని లోపల రాస్తుంది. కొన్ని సర్వర్లు కొత్త మనిషి నుంచి మెయిల్ వస్తే కావాలనే ‘కాసేపాగి రా’ అంటాయి. మన వైపు సర్వర్ మళ్లీ మళ్లీ తట్టి ఇచ్చేస్తుంది. మీరు చేయాల్సిందేమీ లేదు. `(Delay)` చూసి తీసేసి ఉంటే, పోయిన మెయిల్‌ను పోలేదని తీసేసినట్టే. అయితే రెండు మూడు రోజుల తర్వాత అదే అడ్రస్‌పై `(Failure)` రావచ్చు, సర్వర్లు నాలుగైదు రోజులు కూడా ప్రయత్నిస్తాయి. మీ రెండో మెయిల్ నాలుగో రోజునే పోతోంది కాబట్టి, మొదటి దాని సంగతి తేలకముందే రెండోది బయల్దేరుతుంది. `(Delay)` వచ్చిన వాళ్లకు రెండో మెయిల్‌ను ఇంకో మూడు రోజులు వెనక్కి జరపండి.

5.1.1 అంటే ఆ పేరుతో అక్కడ మెయిల్‌బాక్స్ లేదు. మైక్రోసాఫ్ట్ వాడే కంపెనీల నుంచి ఇదే 5.1.10 అని వస్తుంది. తీసేసే ముందు విజిటింగ్ కార్డు మళ్లీ చూడండి. కార్డు చూసి టైపు చేసేటప్పుడు చిన్న ఎల్ బదులు ఒకటి అంకె పడుతుంది, `.de` బదులు అలవాటుగా `.com` పడుతుంది. మా ఆఫీసులో ఒకసారి తొమ్మిది 5.1.1లు వస్తే కార్డులు ముందేసుకుని కూర్చున్నాం. నాలుగు మేం తప్పు కొట్టినవే. సరిచేసిన అడ్రస్‌కు సీక్వెన్స్‌ను మొదటి మెయిల్ నుంచి మొదలుపెట్టాలి, ఆయనకు ఇంతవరకు ఏదీ చేరలేదు కాబట్టి. కార్డులో ఉన్నది ఉన్నట్టే కొట్టి ఉంటే ఇక ఊహించి రకరకాల అడ్రసులు పంపి చూడకండి. ప్రతి తప్పు ఊహా ఇంకో బౌన్స్, దానికి మూల్యం మీ డొమైన్ చెల్లిస్తుంది. కార్డు మీద ఫోన్ నంబరు ఉంటుంది కదా, ఒక మెసేజ్ పెట్టి అడగండి.

మెయిల్‌బాక్స్ నిండిపోయిందని 5.2.2 గానో 4.2.2 గానో వస్తే రెండు వారాలు ఆపి ఒక్కసారి ప్రయత్నించండి. అప్పుడూ అదే వస్తే ఆ పెట్టెను ఎవరూ తెరవడం లేదని.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేవి 5.7 తో మొదలయ్యేవి. ఇందులో అడ్రస్ తప్పు సాధారణంగా ఉండదు. అక్కడ మనిషి ఉన్నాడు, పెట్టె ఉంది, గేటు దగ్గర మిమ్మల్ని ఆపేశారు. ఉదాహరణకు జీమెయిల్ 5.7.26 అని వెనక్కి పంపితే, ఈ మెయిల్ నిజంగా మీ డొమైన్ పంపిందే అని రుజువు కాలేదని అర్థం. అంటే ఆ రుజువు ఇచ్చే సెట్టింగులు ఎస్‌పీఎఫ్, డీకిమ్ మీ డొమైన్‌లో సరిగా లేవు. ఇవి చూసి కొనుగోలుదారు అడ్రస్‌ను తీసేయడం అంటే మన తప్పుకు ఆయన పేరు కొట్టేయడమే. వేరే వేరే కంపెనీల నుంచి ఒకే రోజు రెండు మూడు 5.7లు వచ్చాయంటే, మిగతా 129 మందిలో కొందరికి మీ మెయిల్ స్పామ్‌లో పడి ఉండొచ్చు. అక్కడ పడితే బౌన్స్ కూడా రాదు, మీకు తెలిసే దారే లేదు.

కాబట్టి 8వ తేదీలోపు వరస ఇదీ. రెండో మెయిల్‌ను అందరికీ ఆపి పెట్టండి. ఆ పదకొండు బౌన్సులు తెరిచి అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్క 5.7 ఉన్నా, మీ డొమైన్ ఎక్కడ కొన్నారో వాళ్లతో మాట్లాడి ఎస్‌పీఎఫ్, డీకిమ్, వాటితో పాటే ఉండే డీమార్క్ మూడూ సరిచేయించుకోండి. తర్వాత మీ సొంత జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపి, దాన్ని ‘Show original’ నొక్కి తెరిచి మూడింటి పక్కనా `PASS` ఉందో లేదో చూడండి. అది కనబడ్డాకే, ఆటో-రిప్లై ఇచ్చిన 19 మందినీ, బౌన్స్ అయిన పదకొండింటినీ పక్కన పెట్టి, మిగిలిన వాళ్లకు రెండో మెయిల్ వదలండి. 8న వరలక్ష్మీ వ్రతం కూడా కదా, ఆ రోజు కుదరకపోతే 11 సోమవారం పంపినా నష్టమేమీ లేదు.